గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మలు ఆపించడం గురించి

చి. అబ్బాయికి,

ఆశీస్సులు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ పని నీ నెత్తిన పడిందనీ, వాట్సాప్ గ్రూపులో బొమ్మలు ఎలా ఆపించాలా అని టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది.

మా బిల్డింగ్‌లో ఒకసారి సంపు కడిగించే ముందురోజు రాత్రి, "రేపు 10 నుంచి 2 దాకా నీళ్లు రావు, పట్టిపెట్టుకోండి" అని గ్రూపులో పెట్టారు. తెల్లారేసరికి దాని మీద గులాబీలు, కాఫీ కప్పులు, వెంకన్న బొమ్మలు, "11 మందికి పంపితే శుభవార్త వింటారు" అన్న ఫార్వర్డు. పదిన్నరకి మూడో అంతస్తు ఆవిడ తల నిండా షాంపూ నురగతో ఫోన్ చేసింది. ఆరా తీస్తే, బొమ్మల గోల పడలేక వాళ్లింట్లో గ్రూపును ఎప్పుడో మ్యూట్ చేసేశారు. నోటీసు బొమ్మల మధ్య మరుగున పడితే వెతికైనా చూస్తారు. మ్యూట్ చేసినవాళ్లు అసలు తెరవరు.

గ్రూపులో ఏదైనా రాసే ముందు, రోజూ పంపేది ఎవరో గమనించు. ముగ్గురో నలుగురో ఉంటారు, ఎక్కువగా రిటైరైనవాళ్లే. వాళ్లింటికి వెళ్లి కాఫీ తాగుతూ చెప్పు. మా దగ్గర ఒక మాస్టారు, "నేను బొమ్మ పెట్టకపోతే ఒంట్లో బాలేదేమోనని ఎదురింటివాళ్లు తలుపు కొడతారయ్యా" అన్నారు. అలాంటి మనిషిని ఊరికే ఆపమంటే నోరు మూసుకోమన్నట్టే. అందుకే "కబుర్లు" అని ఇంకో గ్రూపు తెరిచి, ఆయన్నే అడ్మిన్ చేశాం.

ఆ తర్వాతే అందరికీ రాయి. ఎవరో బొమ్మ పెట్టిన వెంటనే మాత్రం వద్దు. ఇలా రాస్తే చాలు: "అందరికీ నమస్కారం. నీళ్లు, లిఫ్టు, మెయింటెనెన్స్ నోటీసులు అందరి కంటా పడేలా ఈ గ్రూపును వాటికే ఉంచుదాం. శుభోదయాలు, ఫార్వర్డులు, సరదా వీడియోలు కబుర్లు గ్రూపులో పెట్టుకుందాం." "కొందరు" అనే మాట రానీకు, ఆ కొందరెవరో అందరికీ తెలుసు. దీన్ని 30 రోజులకు పిన్ చేసి, కొత్తగా అద్దెకు వచ్చేవాళ్ల కోసం గ్రూపు వివరణలో కూడా పెట్టు.

అయినా రెండు మూడు రోజుల్లో ఎవరో ఒకరు మళ్లీ పెడతారు. డిలీట్ చేయకు, అడ్మిన్ తీసేశాడని అక్కడ కనబడుతుంది, గొడవవుతుంది. "అంకుల్, ఇది కబుర్లలో పెడతారా?" అని విడిగా అడుగు. ఫార్వర్డు నిజమా అబద్ధమా అన్న వాదనలోకి దిగకు. రక్తం కావాలి, పిల్లాడు తప్పిపోయాడు లాంటివి వస్తే ముందు ఆ నంబరుకు ఫోన్ చేసి కనుక్కో. పండగ రోజు మాత్రం చూసీ చూడనట్టు వదిలెయ్. ఆ రోజు నోటీసుంటే కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించు.

అడ్మిన్లే రాసేలా గ్రూపుకు తాళం వెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకు. లిఫ్టులో ఇరుక్కున్నవాడు గ్రూపులో చెప్పలేకపోతే ఎలా?

రెండు వారాలు గ్రూపు నిమ్మళించాక, మ్యూట్ తీయమని అందరినీ అడుగు. తర్వాత పెట్టిన నోటీసును నొక్కిపట్టి, ఇన్ఫోలో ఎవరు చదివారో చూడు. అక్కడ కనబడని ఇళ్లకు వాచ్‌మన్‌తో కబురు పంపు.

ఇట్లు,
పెదనాన్న