పిండి పొంగకపోతే తప్పు ఈస్ట్‌దా, నీళ్ళదా?

ప్రశ్న: ఇంట్లో రెండుసార్లు బ్రెడ్ చేశాను, రెండుసార్లూ పిండి పొంగలేదు. ఈస్ట్ పాతదయిందా, నీళ్ళు మరీ వేడయ్యాయా? ఎలా తెలుసుకోవాలి?

ఈ రెండు తప్పులూ నేను చేసినవే కాబట్టి ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ప్యాకెట్‌లో కనిపించే గోధుమరంగు పలుకులు నిజానికి ఎండబెట్టిన ఏకకణ జీవులు. తడి తగిలి మేల్కొన్న తరువాత అవి పిండిలోని చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడ్‌ను, కొద్దిగా ఆల్కహాల్‌ను విడుస్తాయి. మైదాలోనే ఉండే ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మారుస్తూ ఉంటాయి కనుక, విడిగా పంచదార వేయకపోయినా ఈ పని ఆగదు. చాలామంది గమనించని విషయం ఒకటుంది: ఈస్ట్ కొత్త బుడగలను పుట్టించదు. మనం పిండిని మర్దించేటప్పుడు అందులో చిక్కుకున్న సన్నని గాలి బుడగల్లోకే ఈ వాయువు చేరి వాటిని ఉబ్బిస్తుంది. ఆ బుడగల చుట్టూ రబ్బరులా సాగే గ్లూటెన్ పొర చిరగకుండా నిలబడితేనే పిండి పైకి లేస్తుంది.

మొదటిసారి నేను అర కిలో మైదాకు ఒకటిన్నర చెంచాల డ్రై ఈస్ట్ తీసుకొని, సలసల కాగిన నీళ్ళలో అంతే కొలత కుళాయి నీళ్ళు కలిపి, ఇవి గోరువెచ్చగానే ఉంటాయని అనుకొని అందులో ఈస్ట్ వేశాను. లెక్క వేసి చూస్తే తప్పు తెలిసిపోతుంది. 100 డిగ్రీల నీళ్ళూ, 30 డిగ్రీల నీళ్ళూ సమానంగా కలిస్తే వచ్చేది 65 డిగ్రీలు, ఈస్ట్ కణాలేమో 55 నుంచి 60 డిగ్రీల మధ్యే చచ్చిపోతాయి. డ్రై ఈస్ట్ నానబెట్టడానికి 40 డిగ్రీలు చక్కగా సరిపోతుంది. అందుకు ఒక వంతు మరిగిన నీళ్ళకు ఆరు వంతుల కుళాయి నీళ్ళు కలపాలి. ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చాలాసార్లు కాచకుండానే ఆ వేడికి దగ్గరగా ఉంటాయి.

ఆ రోజు మూడు గంటలు గడిచినా పిండి పెట్టినచోటే, పెట్టినంతే ఉంది. పులిసిన వాసన లేదు, వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. పైగా పిండి మర్దించినప్పటికంటే జావగా, చేతికి అంటుకునేలా తయారైంది. నీళ్ళు ఎక్కువయ్యాయనుకొని మైదా చల్లుతూ పోయాను. కారణం వేరని తరువాత అర్థమైంది. చచ్చిన ఈస్ట్ కణాల నుంచి గ్లూటాథయోన్ అనే పదార్థం బయటికి కారి గ్లూటెన్ బంధాలను తెంపుతుంది. అంటే వాయువు పుట్టకపోవడమే కాక, దాన్ని పట్టి ఉంచవలసిన పొర కూడా బలహీనపడుతుంది.

రెండోసారి నీళ్ళు సరిగానే ఉన్నాయి, కానీ ఈస్ట్ డబ్బా తెరిచి ఎనిమిది నెలలయింది, అదీ వానాకాలమంతా స్టవ్ పక్క అరలో ఉంది. గాలి, తేమ, వేడి తగిలే కొద్దీ కణాలు చచ్చిపోతూ వస్తాయి, అయితే అన్నీ ఒక్కసారిగా పోవు. అందువల్ల ఈసారి పిండి అసలు లేవకపోవడం కాదు, గంటన్నరలో రెట్టింపు కావలసింది నాలుగు గంటలకు సగం మాత్రమే పెరిగింది. ఓపిక పట్టలేక కాల్చాను. రొట్టె బరువుగా, లోపల తడితడిగా, ఇటుకలా వచ్చింది.

కనుక మీ పిండిలో ఏ కదలికా లేకపోతే ముందు నీళ్ళను అనుమానించండి, నత్తనడకన పెరిగితే ఈస్ట్‌ను. ఖాయం చేసుకోవడానికి అదే డబ్బాలోని ఈస్ట్ ఒక చెంచా, పంచదార ఒక చెంచా, 40 డిగ్రీల నీళ్ళు అరకప్పు ఒక గాజు గ్లాసులో కలిపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పైన వేలు మందాన నురుగు కట్టి, కల్లు వాసనలాంటిది వస్తే ఈస్ట్ బాగానే ఉంది, తప్పు నీళ్ళదే. అక్కడక్కడ నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే అది ముసలి ఈస్ట్. ఏమీ రాక, గ్లాసు అడుగున మట్టిలా పేరుకుంటే పారేయండి. ఇన్‌స్టంట్ రకాన్ని మాత్రం నానబెట్టకుండా పొడి మైదాలోనే కలపవచ్చు, కానీ దానికీ నీళ్ళు మరుగుతూ ఉండకూడదు.

పొంగని పిండిని వెంటనే పారేయనక్కర లేదు. పులిసి పాడుకాకముందే, కొత్త ఈస్ట్ ఒక చెంచా నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్ళలో నురుగు కట్టించి, రెండు గుప్పెళ్ళ మైదాతో కలిపి ఆ ముద్దలోకి మళ్ళీ మర్దించండి. నా జావ పిండి అలా మర్నాటికి రొట్టెగా కాకపోయినా, పళ్ళెంలో పరిచి కాలిస్తే పిజ్జా అడుగుకు పనికొచ్చింది. అప్పటినుంచి ఈస్ట్‌ను మూత బిగించిన సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, తెరిచిన తేదీని సీసా మీద రాసుకుంటున్నాను. నాలుగు నెలలు దాటితే గ్లాసు పరీక్ష చేయకుండా వాడను.