జుట్టుకు రంగు మారిస్తే టోపీ పెట్టినట్టు ఉంటోందా?

"ఫోన్ యాప్‌లో నా నల్ల జుట్టుకి బ్రౌన్ వేశాను. టోపీ పెట్టుకున్నట్టు ఉంది, నుదుటి మీదకీ రంగు వచ్చేసింది. ఎక్కడ తప్పు చేశాను?"

రంగుని నేరుగా ఫోటో మీదే పూసి ఉంటారు. అలా పూస్తే వెంట్రుకల మధ్య ఉండే వెలుగునీడలు కప్పుకుపోతాయి, అందుకే టోపీలా కనిపిస్తుంది. లేయర్లు, అంటే ఫోటో మీద విడిగా పెట్టుకునే పొరలు, ఉన్న యాప్ తీసుకోండి. ఫోటో పైన కొత్త ఖాళీ లేయర్ పెట్టి, దాని మోడ్‌ను, అంటే కింది ఫోటోతో కలిసే తీరును, Normal నుంచి Soft Light కి మార్చి, అప్పుడు బ్రౌన్ వేయండి.

నల్ల జుట్టుతో ఇక్కడే ఒక చిక్కు ఉంది. Soft Light అనేది కింది ఫోటోలో ఉన్న వెలుగుని బట్టే పనిచేస్తుంది. కింద పూర్తి నలుపు ఉంటే రంగు దాదాపు కనబడదు. చాలామంది అప్పుడు ఇంకా ఇంకా పూస్తారు (నేనూ అదే చేశాను), మెరిసే చోట్ల మాత్రం రంగు ముదిరిపోతుంది. దానికి బదులు లేయర్ మోడ్‌ను Screen చేసి ముదురు బ్రౌన్ వేయండి. ఇది నలుపును కాస్త తేలిక చేస్తుంది. లేయర్ ఎంత గాఢంగా కనబడాలో చెప్పే Opacity ని 30 శాతం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. జుట్టు బూడిద పట్టినట్టు కనిపిస్తే ఎక్కువైనట్టే, తగ్గించండి.

నుదుటి సంగతికొస్తే, అంచు మెత్తగా ఉండే బ్రష్‌తో జుట్టు మొదలయ్యే గీతకు కొంచెం లోపలే ఆగండి. దాటిపోయిన రంగుని అదే లేయర్ మీద మెత్తటి ఎరేజర్‌తో, బాగా జూమ్ చేసి తుడవండి. జూమ్ తీసేసి చూశాక కనుబొమలు మరీ నల్లగా అనిపిస్తే, వాటికీ చాలా పల్చగా అదే రంగు.