మా గల్లీ బతుకమ్మలో పోయిన ట్వీటర్

ప్రశ్న: నా దగ్గర 8 ఇంచుల ఊఫర్, డోమ్ ట్వీటర్ ఉన్న టూ-వే బాక్సులు రెండు ఉన్నాయి. ట్వీటర్‌కు ఒక్క కండెన్సర్ మాత్రమే పెట్టి ఉంది. ఆరు నెలల్లో మూడు ట్వీటర్లు పోయాయి. 12 డీబీ పాసివ్ క్రాసోవర్ వేసుకుంటే చాలా, లేక 24 డీబీ యాక్టివ్‌కు పోవాలా?

పోయిన మూడు ట్వీటర్లను పారేశారా? పారేయకపోతే ఒకటి విప్పి చూడండి. నా దృష్టిలో సగం జవాబు అందులోనే ఉంటుంది. నేను కూడా రెండేళ్లు విప్పకుండానే కొత్తవి కొంటూ పోయాను.

మాది హనుమకొండ. గల్లీలో బతుకమ్మ తొమ్మిది రోజులూ పాటలు పెట్టే పని నాది. బాక్సులు కూడా నేను చేసుకున్నవే, మీవాటిలాగే కింది శబ్దానికి 8 ఇంచుల ఊఫర్, సన్న శబ్దానికి పైన డోమ్ ట్వీటర్. సద్దుల బతుకమ్మ రోజు రాత్రి ఆడోళ్లు రెండు వరుసలుగా తిరుగుతున్నారు. పాత పాటలు అయిపోయి, ఎవరో పిల్లగాడు తన ఫోన్ తగిలించి డప్పు దరువు కొట్టే రీమిక్స్ ఒకటి పెట్టాడు. రెండు నిమిషాలు ఊపుగా నడిచింది. తర్వాత మళ్లీ మామూలు పాట మొదలయ్యేసరికి మా పెద్దమ్మ వరుసలోంచి బయటికి వచ్చి, "ఏంరా, పాట దుప్పటి కప్పుకున్నట్టు ఇనవడుతాంది?" అంది. ఇంతకంటే సరైన రిపోర్టు ఏ ఇంజినీరూ ఇవ్వలేడు. గొంతు ఉంది, కానీ స, చ, ష లాంటి అక్షరాలు లేవు. చప్పట్ల చురుకు కూడా లేదు. రెండు ట్వీటర్లూ ఒకే పాటకు పోయాయి.

మర్నాడు మల్టీమీటర్ పెట్టి చూశాను. 8 ఓమ్‌ల ట్వీటర్ బాగుంటే మీటర్‌లో 6 ఓమ్‌ల చుట్టుపక్కల చూపాలి. రెండూ ఓపెన్. కాలిపోయాయనే అనుకుంటూ డోమ్ పైకి లేపితే కాయిల్ కొత్త రాగిలా మెరుస్తోంది. నల్లబడటం లేదు, వాసన లేదు. కాయిల్ నుంచి టెర్మినల్‌కు వచ్చే వెంట్రుకంత తీగ తెగి ఉంది. అంటే వేడికి చావలేదు, ఊగి ఊగి చచ్చింది. ట్వీటర్‌కు ఈ రెండు చావులూ వేరు, మందులూ వేరు. కాయిల్ నల్లబడితే పవర్ ఎక్కువైనట్టు. దానికి ఎంత నిటారు స్లోప్ పెట్టినా, అంటే కింది శబ్దాన్ని ఎంత గట్టిగా కోసినా లాభం లేదు, వాల్యూమ్ తగ్గించాలి. తీగ తెగితే మాత్రం తనది కాని కింది శబ్దం లోపలికి వచ్చినట్టు. శబ్దాన్ని ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే ఫిల్టరే క్రాసోవర్, అది ఆక్టేవ్‌కు ఎన్ని డీబీ కోస్తుందన్నదే దాని ఆర్డర్. ఆ మాటకు అసలు అర్థం ఇక్కడే ఉంది.

డోమ్ అంతే గట్టిగా వినబడుతూ ఒక ఆక్టేవ్ కిందికి రావాలంటే, అంటే 3000 హెర్ట్జ్ నుంచి 1500కు రావాలంటే, నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. వోల్టేజ్ మారకపోతే అది నిజంగానే అంత కదులుతుంది కూడా. ఇప్పుడు 3000 దగ్గర కట్ చేశామనుకోండి. ఒక్క కండెన్సర్ అంటే 6 డీబీ. అది ఆక్టేవ్ కింద వోల్టేజ్‌ను సుమారు సగం చేస్తుంది. నాలుగు రెట్లలో సగం అంటే కదలిక ఇంకా రెండు రెట్లు పెరిగినట్టే. 12 డీబీ అయితే వోల్టేజ్ నాలుగో వంతు అవుతుంది, కాబట్టి కదలిక పెరగదు, తగ్గదు. 24 డీబీ అయితే పదహారో వంతు, కదలిక నాలుగో వంతుకు పడిపోతుంది. ట్వీటర్ సొంత రెసొనెన్స్ దాకా, అంటే అది అన్నిటికంటే తేలికగా ఊగే హెర్ట్జ్ దాకా ఇదే లెక్క. దాని కింద కదలిక ఇక పెరగదు. ఒక్క కండెన్సర్ ఉన్న ట్వీటర్ కిందికి పోయే కొద్దీ ఎక్కువ ఊగుతుందని తెలిసినరోజు నాకు నిద్ర పట్టలేదు. అన్నేళ్లూ "రక్షణకు కండెన్సర్ ఉంది కదా" అనుకుంటూ గడిపాను.

ఇంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. దుకాణంలో క్రాసోవర్ బోర్డు అమ్మేవాడు లెక్కంతా 8 ఓమ్‌లు అనుకుని చేస్తాడు. (1000 వాట్స్ అని స్టిక్కర్ వేసి, వేలెడంత కండెన్సర్ పెట్టి అమ్మే బోర్డుల గురించి మొదలుపెడితే నా బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.) ట్వీటర్ అన్ని చోట్లా 8 ఓమ్‌లు కాదు. నా ట్వీటర్ రెసొనెన్స్ సుమారు 1000 హెర్ట్జ్. ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి, సిరీస్‌లో ఒక రెసిస్టర్ వేసి, ట్వీటర్ మీద వోల్టేజ్ చూశాను. తర్వాత ట్వీటర్ తీసేసి అదే చోట రకరకాల రెసిస్టర్లు పెట్టి ఏది అదే రీడింగ్ ఇస్తుందో వెతికాను. మామూలు మల్టీమీటర్ 1000 హెర్ట్జ్ దగ్గర తప్పు చూపొచ్చు, కానీ ఇలా చేస్తే రెండింటికీ ఒకే తప్పు కాబట్టి ఇబ్బంది లేదు. దాదాపు 24 ఓమ్‌లు తేలింది.

ఇప్పుడు నా పాత కండెన్సర్ సంగతి చూడండి. 6.6 మైక్రోఫారడ్‌లు, 3000 దగ్గర దాని అడ్డు 8 ఓమ్‌లు. 1000 దగ్గర మూడు రెట్లు, అంటే 24. ట్వీటర్ 8 ఓమ్‌లే అయితే అక్కడ 10 డీబీ తగ్గాలి. కానీ ట్వీటర్ కూడా అక్కడ 24 ఓమ్‌లు కదా, తగ్గేది 3 డీబీ మాత్రమే. సరిగ్గా ఎక్కడ ట్వీటర్ అన్నిటికంటే తేలికగా ఊగుతుందో, అక్కడే కండెన్సర్ తలుపు తెరిచి పెట్టింది. ఆ డప్పు దరువు నా ట్వీటర్లను అక్కడే పట్టుకుంది.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే వస్తుంది: ఔను, 12 డీబీ పాసివ్‌తో చాలా మారుతుంది. 3000 హెర్ట్జ్‌కు, 8 ఓమ్‌లకు లింక్విట్జ్-రైలీ పద్ధతిలో 3.3 మైక్రోఫారడ్ కండెన్సర్ సిరీస్‌లో, 0.85 మిల్లీహెన్రీ కాయిల్ ట్వీటర్‌కు పారలల్‌గా. ఈ కాయిల్ లాభం స్లోప్‌లో మాత్రమే లేదు. 1000 దగ్గర కాయిల్ అడ్డు 5 ఓమ్‌ల పైచిలుకే, కాబట్టి పక్కన ట్వీటర్ 24కు ఎక్కినా కరెంటుకు కాయిల్ దారే సులువు. కాగితం మీద 20 డీబీ తగ్గాలి, నా ట్వీటర్‌తో లెక్క వేస్తే 18 వచ్చింది. ఒక్క కండెన్సర్ 3 దగ్గర చేతులెత్తేసిన చోట ఇది 18. కాయిల్‌కు రాగి తీగ బావుల మోటార్లు చుట్టే షాపులో దొరికింది. లోపల ఇనుము లేకుండా చుట్టి, చేతి ఎల్‌సీఆర్ మీటర్‌తో చూసుకుంటూ చుట్లు విప్పుకుంటూ వచ్చాను. షాపాయన "ఎన్ని హెచ్‌పీల మోటార్?" అని అడిగాడు.

కానీ బిగించిన రోజు పాట వింటే ఏదో వెలితి. ట్వీటర్ పలుకుతోంది, ఊఫర్ పలుకుతోంది, మధ్యలో గొంతు వెనక్కి పోయి నిలబడినట్టుంది. తప్పు నాదే. ఊఫర్ వైపు కూడా 12 డీబీ వేసి, ప్లస్‌కు ప్లస్ కలిపేశాను. 12 డీబీ ఫిల్టర్లలో కట్ చేసిన చోట రెండూ ఒకదానికొకటి 180 డిగ్రీల ఎడంలో ఉంటాయి, ఒకటి తోస్తుంటే ఇంకోటి గుంజుతుంటుంది. ట్వీటర్ వైర్లు తిప్పేయగానే గొంతు ముందుకొచ్చింది. పూర్తిగా కాదు. ఊఫర్ కాయిల్ ట్వీటర్ కంటే ఓ 2 సెంటీమీటర్లు వెనక ఉంటుంది, 3000 హెర్ట్జ్ అల పొడవు 11.5 సెంటీమీటర్లే. ఆ తేడాకు పాసివ్‌లో తేలికైన మందు లేదు. అందుకే పుస్తకం ఏం చెప్పినా వైర్లు రెండు రకాలుగానూ పెట్టి, బాక్సుకు రెండు మీటర్ల దూరంలో, చెవి ట్వీటర్ ఎత్తులో పెట్టుకుని వినండి. ఆడమనిషి గొంతు ఒక్కటే ఉన్న పాట అయితే తేడా వెంటనే పట్టుబడుతుంది.

యాక్టివ్‌కు నేను ఆ తర్వాతి ఏడాది మారాను. బయట ఫంక్షన్లకు కూడా పిలుస్తున్నారు కాబట్టి మారక తప్పలేదు. శబ్దాన్ని డిజిటల్‌గా కోసే చిన్న డీఎస్‌పీ క్రాసోవర్, నాలుగు ఛానెళ్ల ఆంప్లిఫయర్, 24 డీబీ లింక్విట్జ్-రైలీ. హ్యూలెట్-ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ 1976లో రాసిన పేపర్‌తో ఈ పద్ధతి బయటికొచ్చింది. రైలీ ఆయన తోటి ఇంజినీరు. ఇందులో కట్ చేసిన చోట రెండు డ్రైవర్లూ ఒకే ఫేజ్‌లో ఉంటాయి, వైర్లు తిప్పే పని లేదు. రెండూ కలిసి పలికే ప్రాంతం కూడా ఇరుకు కాబట్టి కూర్చున్నవాళ్లకూ నిలబడ్డవాళ్లకూ గొంతు అంతగా మారదు. ఆ 2 సెంటీమీటర్లకు ట్వీటర్‌ను 0.06 మిల్లీసెకండ్ ఆలస్యం చేశాను. తర్వాత పరీక్ష కోసం కావాలని ట్వీటర్ పోలారిటీ తిప్పితే 3000 దగ్గర శబ్దం దాదాపు మాయమైంది. తిప్పినప్పుడు గొయ్యి ఎంత లోతుగా పడితే, మామూలుగా పెట్టినప్పుడు కలయిక అంత బాగున్నట్టు.

ఫిల్టర్ ఆంప్లిఫయర్ కంటే ముందే ఉంటుంది కాబట్టి ట్వీటర్ 24 ఓమ్‌లకు ఎక్కినా దానికి సంబంధం లేదు. ఇంకో లాభం, దరువుకు ఊఫర్ ఆంప్లిఫయర్ క్లిప్ అయినా ఆ గరగర ట్వీటర్ దాకా రాదు. పాసివ్‌లో ఒకే ఆంప్లిఫయర్ కాబట్టి అది నేరుగా పైకి పోతుంది.

ఇక్కడ ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటుంది. యాక్టివ్‌లో ట్వీటర్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య ఏమీ లేదు. ఆన్ చేసినప్పుడు వచ్చే దబ్బుమనే శబ్దం కూడా ట్వీటర్‌కే. ఓ పెళ్లికి హడావుడిగా బిగిస్తూ నా మేనల్లుడు లో, హై వైర్లు తారుమారు చేశాడు. పాట మొదలైన రెండు సెకన్లలో ట్వీటర్ పోయింది. 24 డీబీ ఫిల్టర్ అప్పుడు ఊఫర్‌ను కాపాడుతోంది. అప్పటి నుంచి ప్రతి ట్వీటర్‌కూ సిరీస్‌లో 33 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒకటి బాక్సు లోపలే సోల్డర్ చేసి పెడుతున్నాను. 8 ఓమ్‌లకు అది 600 హెర్ట్జ్ దగ్గర కట్ చేస్తుంది, 3000 దగ్గరి కలయికను పెద్దగా కదపదు. డీసీ రాదు, దబ్బు శబ్దం చాలావరకు ఆగుతుంది. వైర్లు తారుమారైతే పూర్తిగా కాపాడదు కానీ, ఊఫర్‌లో శబ్దం పల్చగా వస్తుందేంటని అనుమానం వచ్చి ఆఫ్ చేసేంత టైం ఇస్తుంది. నాన్-పోలార్‌దే తీసుకోండి, 100 వోల్టులది.

మీవి ఇంట్లోనో, గల్లీలోనో వాడే రెండు బాక్సులే అయితే, తీగ తెగి పోతున్నాయని తేలితే, క్రాసోవర్ కాయిల్ చుట్టించి 12 డీబీ వేయండి, డీఎస్‌పీకి డబ్బులు పెట్టకండి. ముందు మీ ట్వీటర్ రెసొనెన్స్ ఎక్కడుందో కొలవండి. కట్ చేసే చోటు దానికి కనీసం రెట్టింపు పైన ఉండాలి, 1500 రెసొనెన్స్ ఉన్న ట్వీటర్‌ను 2000 దగ్గర కట్ చేస్తే 12 డీబీ కూడా ఏమీ చేయలేదు. ట్వీటర్ లోపలి కాయిల్ నల్లబడి ఉంటే మాత్రం, ఆ రీమిక్స్ పెట్టే పిల్లగాడిని ఫోన్ తగిలించనివ్వకండి.