ఫిక్స్‌డ్ డిపాజిట్: బోర్డు మీద రెండు రేట్లు, ఏది నమ్మాలి?

"గాజువాకలో ఒక బ్యాంకు ఐదేళ్ల ఎఫ్‌డీకి 7 శాతం, యీల్డ్ 8.3 శాతం అంటోంది. ద్వారకానగర్‌లో ఇంకో బ్యాంకు 7.25 అంటోంది, యీల్డ్ మాట లేదు. 5 లక్షలు ఎక్కడ వేయాలి?"

ద్వారకానగర్‌లో వేయండి సార్. రెండూ మూడు నెలలకోసారి వడ్డీని అసలుకు కలిపేవే అయితే, అక్కడే ఎక్కువ వస్తుంది.

7 శాతమంటే మూడు నెలలకు 1.75 శాతం. మొదటి మూడు నెలలకు 8,750 రూపాయలు జమవుతుంది, తర్వాత దాని మీదా వడ్డీ వస్తుంది. ఏడాదికి 5,35,930 అవుతుంది. అంటే నిజమైన వార్షిక రాబడి 7.19 శాతమే.

మరి 8.3 ఎక్కడిది? ఐదేళ్లకు చేతికొచ్చేది 7,07,389. అందులో వడ్డీ 2,07,389ని ఐదుతో భాగించి, 5 లక్షల మీద శాతం కట్టారు. చక్రవడ్డీని సాధారణ వడ్డీలా చూపించడమిది. గడువు పెంచితే ఆ అంకె కూడా పెరుగుతుంది, రేటు మారకపోయినా. అందుకే దాన్ని పోలికకు వాడకూడదని నా గట్టి అభిప్రాయం.

7.25కి వార్షిక రాబడి 7.45 శాతం, ఐదేళ్లకు 7,16,130. మీకు 8,741 రూపాయలు ఎక్కువ. 7.45 వచ్చిన లెక్క ఇదీ:

```
((1 + 0.0725/4)^4 - 1) * 100
```

వడ్డీని మూడు నెలలకోసారి ఖాతాలోకి తీసుకుంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, మీకు వచ్చేది రాసిన రేటే. ఫారంలో వడ్డీని అసలుకు కలిపే 'క్యుములేటివ్' దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోండి.