టీచర్ రెజ్యూమెలో రిజల్ట్స్ ఎలా చూపించాలి?

ప్రైవేట్ స్కూళ్లకు అప్లై చేస్తున్నాను. రెజ్యూమెలో "100 శాతం రిజల్ట్స్" అని రాస్తే చాలా?

చాలదు. అందరూ అదే రాస్తారు, ప్రిన్సిపాల్ కన్ను అక్కడ ఆగదు. సబ్జెక్టు, తరగతి, పిల్లల సంఖ్య, మొదట్లో వాళ్ల పరిస్థితి కలిపి రాయండి: "పదో తరగతి గణితం, 2 సెక్షన్లు, 64 మంది. హాఫ్ ఇయర్లీలో 11 మంది ఫెయిల్, ఫైనల్‌లో ఇద్దరు." ఆ ఇద్దరినీ దాచకండి. మిగతా 9 మందిని ఎలా గట్టెక్కించారో ఇంటర్వ్యూలో చెప్పే అవకాశం అక్కడే దొరుకుతుంది. క్లాసును ఏడాది మధ్యలో తీసుకుని ఉంటే ఆ నెల కూడా వేయండి, లేదంటే పాత టీచర్ కష్టం కూడా మీ ఖాతాలో వేసుకున్నట్టవుతుంది.

చదువు బయటి బాధ్యతలకు ఒక్క లైను చాలు. "సాంస్కృతిక కార్యక్రమాల్లో పాల్గొన్నాను" అని మాత్రం వద్దు; "సైన్స్ క్లబ్ ఇన్‌చార్జి, వారానికి ఒక గంట, 20 మంది" అనండి.