మీ నాన్న రాసిన పేరా, మనం చేయాల్సిన బయోడేటా

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెండు ఫోటోలూ చూశాను. ఒకటి మీ నాన్న స్వదస్తూరీతో రాసిన చెల్లెలి వివరాలు, రెండోది దాన్ని నువ్వు టైప్ చేసిన బయోడేటా. కష్టపడ్డావు. కానీ ఇది బయటికి వెళ్లే ముందు నాలుగు మాటలు చెప్పాలి. ఫోన్‌లో చెబితే సగం జారిపోతాయని రాసి పంపుతున్నాను.

ముందు మీ నాన్న పేరాని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఎదురుగా ఉంటే మాట్లాడుకోవడం తేలిక.

"మా అమ్మాయి 1998 అక్టోబరు 19, సోమవారం రాత్రి 1 గంట 20 నిమిషాలకు రాజమండ్రిలో పుట్టింది. చిత్తా నక్షత్రం. మాది కౌండిన్యస గోత్రం, వాళ్ల అమ్మ వైపు భారద్వాజస. ఎంటెక్ చదివి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, జీతం లక్షా పదివేలు. ఎత్తు 5.4. అన్నయ్యకు పెళ్లయింది. నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని, వాళ్లమ్మ గృహిణి. మాది సంప్రదాయ కుటుంబం, రాజమండ్రిలో సొంతిల్లు ఉంది. అమ్మాయి ఎంతో అణకువ గలది. మంచి కుటుంబమైతే చాలు."

దీంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అవతలి ఇంట్లో ఈ కాగితాన్ని నలుగురు చూస్తారు, ఒక్కొక్కరు ఒక్కోదాని కోసం వెతుకుతారు. తాతగారు గోత్రం చూసి, అదే గోత్రమైతే కాగితం అక్కడే పక్కన పెట్టేస్తారు. తల్లి చదువూ ఎత్తూ చూస్తుంది. సిద్ధాంతిగారికి పుట్టిన వివరాలు తప్ప మిగతాది అక్కర్లేదు. అబ్బాయి ఉద్యోగం ఏ ఊళ్లోనో చూస్తాడు. పేరాలో అయితే ప్రతివాళ్లూ మొత్తం చదవాలి. వరుస ప్రకారం ఉంటే ఎవరి కన్ను వాళ్లకి కావాల్సిన చోటికే వెళుతుంది. మన ఇళ్లల్లో ఎప్పటినుంచో వస్తున్న వరుస ఇది: పేరు, పుట్టిన వివరాలు, నక్షత్రం, గోత్రం, ఎత్తు, చదువు, ఉద్యోగం, తర్వాత తల్లిదండ్రులు, తోబుట్టువులు, మేనమామలు, స్వస్థలం, చివర కోరుకునే సంబంధం, ఫోన్ నంబరు. దీన్ని మార్చకు. కొత్తగా ఉండాలని ఉద్యోగాన్ని పైకి తెస్తే, గోత్రం వెతుక్కునే పెద్దాయనకి చిరాకొస్తుంది.

ఇప్పుడు అసలు పని. నువ్వు పేరాని చూస్తూ టైప్ చేసుకుంటూ పోయావు, అందుకే కొన్ని జారిపోయాయి. ఇలా చెయ్యి. పేరాని ప్రింట్ తీసి పక్కన పెట్టుకో. ఖాళీ గడులతో పైన చెప్పిన వరుస రాసుకో. పేరాలోంచి ఒక్కో విషయం తీసి గడిలో వెయ్యి, వేసిన వెంటనే పేరాలో దాన్ని పెన్నుతో కొట్టెయ్యి. చివరికి రెండు రకాల మిగుళ్లు తేలతాయి. పేరాలో కొట్టెయ్యకుండా మిగిలినవి ఒకటి, ఏమీ పడని గడులు రెండోది. ఈ రెండూ చూస్తేనే బయోడేటా పూర్తయిందో లేదో తెలుస్తుంది.

మీ నాన్న పేరాలో కొట్టెయ్యకుండా మిగిలేవి "సంప్రదాయ కుటుంబం", "ఎంతో అణకువ గలది". వీటికి గడి లేదు, పెట్టక్కర్లేదు కూడా. ప్రతి బయోడేటాలోనూ ఇవే మాటలుంటాయి కాబట్టి ఎవరూ చదవరు. మీ నాన్న బాధపడితే, "పెళ్లిచూపుల్లో వాళ్లే చూస్తారు నాన్నా" అని మెల్లగా చెప్పు. సొంతిల్లు సంగతి స్వస్థలం పక్కన ఒక్క మాటగా వెయ్యి.

ఏమీ పడని గడులు ఇంకా ముఖ్యం. మేనమామల గురించి పేరాలో ఒక్క ముక్క లేదు. అది మా పుట్టింటి వివరం కాబట్టి నేనే చెబుతాను, ఫోన్ చెయ్యి. నీ గురించి కూడా "అన్నయ్యకు పెళ్లయింది" అనే ఉంది. నువ్వేం చేస్తావు, ఎక్కడుంటావు అని ఎవరైనా అడుగుతారు, ఆ గడి నువ్వే నింపు. పాదం, రాశి లేవు. చదువులో బ్రాంచి లేదు. తెలియని గడిని ఊహించి నింపకు. ఖాళీగా ఉంచి ఇంట్లో అడుగు.

అలా ఊహించినందుకే నీ డ్రాఫ్టులో పెద్ద తప్పు పడింది. చిత్తా నక్షత్రం పక్కన నువ్వు తులారాశి అని వేశావు. ఎక్కడో చార్టు చూసి ఉంటావు. నక్షత్రానికి నాలుగు పాదాలు, రాశికి తొమ్మిది పాదాలు. అందుకే కొన్ని నక్షత్రాలు రెండు రాశుల్లోకి చీలతాయి. కృత్తిక, మృగశిర, పునర్వసు, ఉత్తర, చిత్త, విశాఖ, ఉత్తరాషాఢ, ధనిష్ఠ, పూర్వాభాద్ర, ఈ తొమ్మిదీ అలాంటివే. చిత్తలో 1, 2 పాదాలు కన్యారాశి, 3, 4 పాదాలు తులారాశి. చెల్లి పుట్టినప్పుడు రాయించిన జాతకం మీ అమ్మ బీరువాలో ఉంది, అందులో 1వ పాదం అని నేను కళ్లారా చూశాను. కాబట్టి కన్య. ఈ తొమ్మిది నక్షత్రాల్లో ఏది ఉన్నా పాదం తెలియకుండా రాశి రాయకు.

దీనికంటే ముందు తేదీ సంగతి. మీ నాన్న "19 సోమవారం రాత్రి 1:20" అన్నాడు. మన లెక్కలో సూర్యోదయం దాకా సోమవారమే కాబట్టి ఆయన మాట తప్పు కాదు. కానీ క్యాలెండర్‌లో అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది. నువ్వు యథాతథంగా "19-10-1998, 1:20 AM" అని టైప్ చేశావు. అంటే ఒక రోజు వెనక్కి పోయింది. చంద్రుడు సుమారుగా రోజుకొక నక్షత్రం దాటతాడు కాబట్టి, అవతలి సిద్ధాంతిగారు ఆ తేదీ వేసి చూస్తే చిత్తకు బదులు హస్త వస్తుంది. మన కాగితంలో చిత్త, ఆయన లెక్కలో హస్త. అప్పుడు ఆయన "తేదీ తప్పో, నక్షత్రం తప్పో" అంటారు. అవతలివాళ్లకి మాత్రం అది "వీళ్లు ఏదో దాస్తున్నారు" అన్నట్టు వినిపిస్తుంది. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య పుట్టిన వాళ్లందరికీ ఈ చిక్కు ఉంటుంది. ఇలా రాస్తే సందేహం ఉండదు: "20 అక్టోబరు 1998, మంగళవారం, తె.జా. 1:20 (సోమవారం తెల్లవారితే మంగళవారం)". ఆస్పత్రి వాళ్ల జనన ధ్రువపత్రంలో 20 అని ఉందో లేదో ఒకసారి సరిచూడు. నెలని ఎప్పుడూ అక్షరాల్లోనే రాయి. జూలై 4ని 04-07 అని రాస్తే అమెరికాలో ఉన్న సంబంధం వాళ్లు ఏప్రిల్ 7 అనుకుంటారు. వయసు రాయకు, ఈ కాగితం ఏడాది తిరిగితే ఆ అంకె తప్పవుతుంది.

ఎత్తు గురించి నా అనుభవం చెబుతాను. మా పెద్దవాడికి సంబంధాలు చూసేటప్పుడు వివరాలన్నీ ఎక్సెల్‌లో పెట్టుకున్నాం. వాడు 5 అడుగుల 10 అంగుళాలు. 5.10 అని కొడితే, చివరి సున్నా మింగేసి 5.1 అని చూపించింది. మేమెవ్వరం గమనించలేదు. దాన్నే ప్రింట్ తీసి పంచాం. ఇద్దరు ముగ్గురు అసలు జవాబే ఇవ్వలేదు. ఒకావిడ ఎక్కడో పెళ్లిలో వాణ్ని చూసి, "అయ్యో, కాగితంలో పొట్టి అని ఉందే" అన్నాక గానీ తెలియలేదు. ఆ రోజు ఎంత బాధపడ్డానో నాకే తెలుసు. అందుకని చుక్క పెట్టకు. "5 అడుగుల 4 అంగుళాలు" అని మాటల్లో రాయి.

జీతం దగ్గర "లక్షా పదివేలు" అంటే నెలకా, చేతికొచ్చేదా, కోతలకు ముందా అన్నది తెలియడం లేదు. సంబంధాలవాళ్లు ఏడాది లెక్కే అడుగుతారు. చెల్లిని అడిగి, ఆఫీసు లెటర్‌లో ఉన్న ఏడాది మొత్తం వెయ్యి. నెలకి పన్నెండుతో గుణించి నువ్వే లెక్క కట్టకు, రెండూ ఒకటి కావు.

గోత్రం గడిలో ఒక్కటే ఉండాలి, అది తండ్రిది: కౌండిన్యస. భారద్వాజస అన్నది మా పుట్టింటిది, అది మేనమామల గడిలోకి వెళుతుంది. నీ డ్రాఫ్టులో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చూసేవాళ్లకి ఏది ఎవరిదో తెలియదు.

ఇదంతా చేశాక ఇలా తేలాలి:

పేరు: (ఇంటిపేరుతో సహా)
పుట్టిన తేదీ, సమయం: 20 అక్టోబరు 1998, మంగళవారం, తె.జా. 1:20 (సోమవారం తెల్లవారితే మంగళవారం)
పుట్టిన ఊరు: రాజమండ్రి
నక్షత్రం, రాశి: చిత్త 1వ పాదం, కన్య
గోత్రం: కౌండిన్యస
ఎత్తు: 5 అడుగుల 4 అంగుళాలు
చదువు: ఎంటెక్ (బ్రాంచి రాయాలి)
ఉద్యోగం: సాఫ్ట్‌వేర్, హైదరాబాదు
ఆదాయం: (ఏడాదికి, చెల్లిని అడగాలి)
తండ్రి: (పేరు), రిటైర్డ్ హెడ్మాస్టర్
తల్లి: (పేరు), గృహిణి
తోబుట్టువులు: ఒక అన్న, వివాహితుడు (ఉద్యోగం, ఊరు)
మేనమామలు: (ఇంటిపేరు, ఊరు), భారద్వాజస గోత్రం
స్వస్థలం: రాజమండ్రి, సొంత ఇల్లు
కోరుకునే సంబంధం: (చెల్లితో మాట్లాడి రాయాలి)
ఫోన్: (నంబరు, ఎవరిదో, అమ్మాయికి ఏమవుతారో)

"కోరుకునే సంబంధం" మీ నాన్న తరఫున నువ్వు నింపకు. "మంచి కుటుంబమైతే చాలు" అన్నది తండ్రి మాట. పెళ్లయ్యాక హైదరాబాదులోనే ఉద్యోగం చేసుకోవాలని ఉందా, విదేశాలకి వెళ్లడం ఇష్టమేనా, ఇవి చెల్లి నోటివెంట రావాలి. దాన్ని కూర్చోబెట్టి అడుగు, అది చెప్పిన మాటే రెండు వాక్యాల్లో రాయి.

టైప్ చేసేటప్పుడు స్పేస్ బార్ కొట్టుకుంటూ కోలన్లు వరుసలో పెట్టకు. నీ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉంటుంది, అవతలి ఫోన్‌లో తెరిస్తే మెట్లలా చెదిరిపోతుంది. రెండు నిలువు వరుసల టేబుల్ పెట్టి, గీతలు కనిపించకుండా చెయ్యి. డీటీపీ సెంటర్లలో వాడే పాత తెలుగు ఫాంట్లు వద్దు, అవి వేరే కంప్యూటర్లో పిచ్చి అక్షరాలవుతాయి. యూనికోడ్‌లో టైప్ చేసి, పీడీఎఫ్ చేసి, ఒక్క పేజీలో పంపు. ఇంటి నంబరు, ఆధార్ నంబరు, చెల్లి సొంత ఫోన్ నంబరు అందులో ఉండకూడదు. ఈ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మన చేతిలో లేదు. ఫోన్ దగ్గర మీ నాన్నదో, నీదో ఉంటే చాలు.

అయ్యాక మీ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కో గడీ పైకి చదివి వినిపించు. పేరా ఆయన చేతిలో ఉంచు. తేదీ దగ్గర "19 కదా" అంటాడు, అప్పుడు సోమవారం తెల్లవారితే మంగళవారం అన్న ముక్క చూపించు. తర్వాత నాకు పంపు. మేనమామల వివరాలకి రేపు సాయంత్రం ఫోన్ చెయ్యి, అప్పటికి వాళ్ల ఊళ్లూ పేర్లూ రాసి పెట్టుకుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ