పెర్ఫార్మెన్స్ గ్యారంటీ సొమ్ము కట్టకుండా బ్యాంకును ఆపొచ్చా?

ప్రశ్న: ఓ ప్రభుత్వ శాఖకు భవనం కడుతున్నాం. స్థలం ఏడాది ఆలస్యంగా అప్పగించి, ఇప్పుడు పని జాప్యమైందంటూ కాంట్రాక్టు రద్దు చేశారు. మా 25 లక్షల పెర్ఫార్మెన్స్ గ్యారంటీ సొమ్ము ఇమ్మని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు బ్యాంకుకు లేఖ రాశారు. మాకే 40 లక్షల బిల్లు రావాలి. స్టే వస్తుందా?

జవాబు: ఈ రెండు కారణాల మీద రాదు. గ్యారంటీ అనేది బ్యాంకుకూ ఆ శాఖకూ మధ్య ఉన్న వేరే ఒప్పందం. "అడిగిన వెంటనే, ఆక్షేపణ లేకుండా చెల్లిస్తాం" అని అందులో ఉంటే, తప్పు ఎవరిదో బ్యాంకు విచారించదు, స్టే అడిగితే కోర్టూ విచారించదు. మీకు రావాల్సిన బిల్లును ఇందులో చెల్లుకు పెట్టడమూ కుదరదు.

సుప్రీంకోర్టు ఒప్పుకున్న మినహాయింపులు ముఖ్యంగా రెండు. ఒకటి మోసం. అది గ్యారంటీ పునాదినే దెబ్బతీసేంత ఘోరమైనదై ఉండాలి, ఆధారాలు స్పష్టంగా కనబడాలి. "అన్యాయంగా రద్దు చేశారు" అన్నది వివాదమే తప్ప మోసం కాదు. రెండోది, కట్టాక ఎన్నటికీ తిరిగి రాబట్టుకోలేని నష్టం. 1979 విప్లవం తర్వాత ఇరాన్ కోర్టుల్లో న్యాయం దొరికే దారిలేని ఓ అమెరికా కంపెనీ పరిస్థితి దీనికి కొలమానం. మీకెదురుగా ఉన్నది ప్రభుత్వం. గెలిస్తే సొమ్ము వసూలవుతుంది. వ్యాపారం దెబ్బతింటుందన్న మాట ఇక్కడ నిలవదు.

అయితే మీ ప్రశ్నలో నాకు ఆశ కనిపించిన మాట ఒకటుంది: లేఖ రాసింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. గ్యారంటీ పత్రం తీసి, సొమ్ము అడిగే అధికారం ఎవరికి రాశారో చూడండి. 1999లో హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ, బీహార్ ప్రభుత్వం కేసులో పత్రంలో చీఫ్ ఇంజనీరు అని ఉండగా అడిగింది ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఆ డిమాండు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. డిమాండు పత్రంలోని షరతుల ప్రకారమే ఉండాలి. "షరతు ఉల్లంఘన జరిగింది" అని లేఖలో రాయాలని పత్రం చెబితే, ఆ వాక్యం లేకపోవడమూ లోపమే. లేఖ గ్యారంటీ గడువులోగా బ్యాంకుకు చేరిందా అన్నదీ చూడాలి. కానీ గడువు ఇంకా మిగిలి ఉంటే ఈ వాదన కొద్దిరోజులే కాపాడుతుంది. సరైన అధికారి సంతకంతో మరో లేఖ వస్తే బ్యాంకు కట్టాల్సిందే.

ఇలాంటి లోపం దొరికితే ఈరోజే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. కాంట్రాక్టులో వివాదాలను మధ్యవర్తి తేల్చాలనే ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే, ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 కింద పిటిషన్ వేసి బ్యాంకునూ పార్టీగా చేర్చండి. బ్యాంకు కట్టేశాక స్టేకు అర్థం ఉండదు. ఉత్తర్వు వస్తే 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి.

బ్యాంకు కట్టేస్తే, గ్యారంటీ కోసం మీరు దాని దగ్గర ఉంచిన మార్జిన్ డిపాజిట్ నుంచి తీసుకుని, మిగతాది మీ ఖాతాలో అప్పుగా రాస్తుంది. అప్పుడు 25 లక్షలూ 40 లక్షల బిల్లూ కలిపి ఆర్బిట్రేటర్ ముందు క్లెయిమ్ చేయండి. స్థలం అప్పగించిన తేదీ, ఆలస్యంపై మీరు రాసిన లేఖలు అక్కడ పనికొస్తాయి.